మొదటి పేజీ నుంచే చూశాను

ఆ రోజు తప్పు నాదని నాకు తెలుసు. చెప్పలేదు.

అప్పట్లో మా ఆఫీసు ఖటోదరా అనే పేటలో, మగ్గాల షెడ్డు పైఅంతస్తులో ఉండేది. కింద మగ్గాలు నడుస్తుంటే మా బల్లల మీద టీ గ్లాసులు సన్నగా వణికేవి. ఆ చప్పుడు లేని గదిలో పని చేయడం నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. చీరల వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసేవాళ్లం. సర్వర్ పని నాది. తెర మీద కనిపించేదంతా రాసేది ఒక అమ్మాయి. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మగ్గం కార్మికుడి కూతురు.

ఒక సేఠ్‌కు ఆమె చీరల కేటలాగ్ చేసింది. అది బాగా నడిస్తే తర్వాతి పని మొత్తం ఆమె చేతికిస్తానని మా గుజరాతీ యజమాని మాటిచ్చాడు. కేటలాగంతా నిజానికి ఒకటే పేజీ. అది ఒకసారి తెరుచుకున్నాక ఏ చీర మీద నొక్కినా, బ్రౌజర్‌లోని ప్రోగ్రామే ఆ చీర చూపించి పైన అడ్రసు మార్చేది. సర్వర్‌ను కొత్త పేజీ అడిగే పని లేదు.

"నీ సర్వర్‌కు పని తగ్గించిన, అన్నా. ఛాయ్ తాపియ్యి" అనేది. తాగించేవాణ్ని.

కొన్నాళ్లకు నేను సైట్‌ను కొత్త సర్వర్‌కు మార్చాను. మొదటి పేజీ తెరిచి, వరసగా చీరలు నొక్కి చూశాను. అన్నీ వచ్చాయి.

మర్నాడు పొద్దున సేఠ్ ఎప్పటిలాగే కొత్త డిజైన్ల అడ్రసులు వాట్సాప్‌లో బయటి ఊళ్ల వ్యాపారులకు పంపాడు. నొక్కిన వాళ్లందరికీ 'పేజీ దొరకలేదు' అని వచ్చింది. యజమాని నేరుగా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆడవాళ్లను 'బెన్', అంటే చెల్లీ అని పిలవడం ఆయన అలవాటు.

"ఏం చేశావు బెన్? సేఠ్ పరువు పోయింది."

"నాకైతే మంచిగనే వస్తుంది సార్, చూడండ్రి" అని ఆమె మొదటి పేజీ నుంచి ఒక చీర తెరిచింది. యజమాని వంగి రిఫ్రెష్ నొక్కాడు. పేజీ దొరకలేదు.

నాకు అప్పుడే అర్థమైంది. రిఫ్రెష్ చేసినా, పంపిన లింకు నొక్కినా, బ్రౌజర్ ఆ అడ్రసును సర్వర్‌నే అడుగుతుంది. సర్వర్‌లో ఆ పేరుతో ఫైలేమీ ఉండదు. అలాంటప్పుడు మొదటి పేజీనే పంపమని సర్వర్‌కు చెప్పాలి. అది అందాక ప్రోగ్రామ్ అడ్రసు చదివి సరైన చీర చూపిస్తుంది. పాత సర్వర్‌లో ఆ మాట చెప్పే ఒక్క లైను ఉండేది. కొత్తదాంట్లో నేను పెట్టలేదు.

"చూస్తాను సార్" అని, ఎవరికీ చెప్పకుండా ఆ లైను చేర్చాను. లింకులు పనిచేశాయి. ఆమె తప్పును నేను సరిదిద్దానని యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. తర్వాతి పని నాకిచ్చాడు. ఆమెను చీరల ఫొటోలు కత్తిరించే పనిలో పెట్టాడు. కొన్ని వారాలకు మానేసింది.

ఈ మధ్యే, ముందుగా ఆ యజమానికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. తర్వాత అదే ఊళ్లో, అడాజన్ పేటలో ఆమె ఇప్పుడు నడుపుతున్న చిన్న ఆఫీసుకు వెళ్లాను.

"ఏందన్నా, గిన్నేండ్లకు?" అంటూ కుర్చీ జరిపింది.

కూర్చోలేదు. "కొత్త సర్వర్‌లో ఆ లైను పెట్టనిది నేను. తెలిసి కూడా నిన్ను మాటలు పడనిచ్చాను. నన్ను క్షమించు, తల్లీ" అన్నాను.