ఐదు శీర్షాల బొమ్మలో పన్నెండు ముఖాలు

డెమో క్లాసుకు వచ్చి కూర్చోమని దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ యజమాని ఫోన్ చేసినప్పుడు సరేనన్నాను. మా ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు. ఎవరేం అడిగినా సరేననేదాన్ని. కాదనడానికి కారణం వెతకాలి కదా, ఆ ఓపిక లేదు.

గణితం చెప్పి రిటైరైనదాన్ని. అక్కడ ఎం.టెక్. ప్రవేశ పరీక్షకు డిస్క్రీట్ మ్యాథ్స్ చెప్పే ఉద్యోగం ఖాళీ ఉంది. ఉద్యోగానికి వచ్చినవాళ్లు నిజంగా చదువుతున్న బ్యాచ్‌ ముందే పాఠం చెప్పాలి. ఎలా చెబుతున్నారో చూడడానికి వెనక బెంచీలో యజమాని, నేను.

వచ్చినామెకు ముప్పై అయిదేళ్లుంటాయి. నల్గొండ వైపు మనిషి, తుర్కయంజాల్‌లో కిరాయికి ఉంటోంది. అంతకుముందు పనిచేసిన కాలేజీ మూతపడిందని, ఈ ఉద్యోగం రాకపోతే పిల్లను స్కూలు మాన్పించాల్సి వస్తుందని మెట్ల దగ్గరే చెప్పింది. విన్నాను. నాలో ఏమీ కదల్లేదు.

సెంటర్ మెటీరియల్ చేతిలో పట్టుకుని మొదలుపెట్టింది. అంచులు ఒకదాన్నొకటి దాటకుండా గీసిన బొమ్మ అంతా ఒకే ముక్కగా ఉంటే, శీర్షాల లెక్కలోంచి అంచుల లెక్క తీసేసి ముఖాల లెక్క కలిపితే రెండు వస్తుంది. శీర్షాలంటే చుక్కలు, అంచులంటే వాటిని కలిపే గీతలు, ముఖాలంటే ఆ గీతల మధ్య ఏర్పడే గదులు. చుట్టూ ఉన్న బయలు కూడా ఒకటి. అంతవరకు బాగా చెప్పింది. తర్వాత మెటీరియల్లో ఉన్నట్టే అయిదు శీర్షాలు పెట్టి, ప్రతి రెంటినీ కలిపింది. పంచకోణం, లోపల నక్షత్రం.

"లోపల పదకొండు, బయట ఒకటి, మొత్తం పన్నెండు ముఖాలు. అయిదు మైనస్ పది ప్లస్ పన్నెండు, ఏడు. రెండు రాలే. అంటే దీన్ని దాటకుండ గీయలేం."

పిల్లలు రాసుకున్నారు. నేను చెయ్యెత్తాను.

"నాలుగు శీర్షాలతో ఇదే చేయండమ్మా. చతురస్రం, రెండు కర్ణాలు."

గీసింది. లోపల నాలుగు, బయట ఒకటి. నాలుగు మైనస్ ఆరు ప్లస్ అయిదు. "మూడొచ్చింది మేడం."

"అయితే దాన్నీ గీయలేమా?"

 ఆమె ఒక కర్ణాన్ని తుడిచి, చతురస్రం బయటి నుంచి వంచి గీసింది. ఎక్కడా దాటలేదు. ఈసారి ముఖాలు నాలుగు, లెక్క రెండు.

"అంచులు దాటిన బొమ్మల ముఖాలు లెక్కబెట్టొద్దు," అంది, ఎవరితోనో కాదు, తనతోనే. పన్నెండును చేత్తోనే తుడిచేసింది. "దాటకుండ గీయగలిగినం అనుకుందాం. అప్పుడు అయిదు మైనస్ పది ప్లస్ ముఖాలు, రెండు కావాలె. ముఖాలు ఏడు. ఒక్కో ముఖానికి కనీసం మూడు అంచులు, ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ఒక్కో అంచు రెండు వైపుల లెక్కకొస్తది, పది రెళ్లు ఇరవై. ఇరవైల ఇరవై ఒకటి పట్టదు. అందుకే గీయలేం."

ముందు బెంచీ అమ్మాయి వెనక్కి తిరిగి, "సార్, మన మెటీరియల్ తప్పంట!" అంది. క్లాసంతా నవ్వింది. ఆ మెటీరియల్ రాసింది యజమానే. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

పిల్లలు వెళ్లాక ఆయన అన్నాడు: "పరీక్షలో ఆప్షన్ టిక్ చేస్తే చాలండి. ఆన్సర్ కరెక్టే కదా? మీరు మాత్రం మెటీరియల్లో ఉన్నట్టే చెప్పాలి."

"ఆన్సర్ చెప్తా సార్. గా ప్రూఫ్ మాత్రం చెప్పలేను. నాలుగు శీర్షాల కాడనే ఆగమైతది."

"సరేనండి, ఫోన్ చేస్తాం," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "మీరేమంటారు మేడం?" అన్నాడు.

"పాఠం చెప్పగలదు," అన్నాను. అంతకన్నా గట్టిగా చెప్పి ఉండవచ్చు. 

ఎల్బీనగర్ దాకా ఇద్దరం ఒకే మెట్రోలో వచ్చాం. మధ్యలో ఆమెకు ఫోన్ వచ్చింది. "మంచిది సార్," అని పెట్టేసింది. వేరేవాళ్లను తీసుకున్నారట. నేనడిగిన ప్రశ్నే దీనికి కారణమని నాకు తెలుసు. తెలిసినంత బరువు మాత్రం ఎక్కడా తగల్లేదు. కిటికీలోంచి ఫ్లైఓవర్ కనిపిస్తోంది, చూస్తున్నాను.

తుర్కయంజాల్ వెళ్లే సాగర్ రోడ్డు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె ఉన్నట్టుండి అంది:

"మేడం, కనీసం మూడు అంచులని ఊరికె అనేసిన. రెండే ఎందుకుండొద్దో చెప్పనే లేదు."

"రెండు అంచులే ఒక ముఖాన్ని మూయాలంటే, అవి రెండూ ఒకే జత శీర్షాల మధ్య ఉండాలి. ఇక్కడ ఏ రెంటి మధ్యనైనా అంచు ఒక్కటే."

ఆమె తలూపింది. "అయితే ప్రూఫ్ పూర్తయింది," అంది. బస్సు వచ్చింది. నిండుగా ఉన్నా మెట్టు మీద చోటు చేసుకుని ఎక్కేసింది. నేను ఇంటికి నడిచి వెళ్లి, పొద్దుటి అన్నం తిన్నాను.