రీసెట్ నొక్కితే కదిలే బెల్టు

ఆత్మకూరు దగ్గర ఒక దాణా మిల్లులో కరెంటు పనులు నేనే చూసేవాణ్ణి. బెల్టు మీద లారీకెక్కే ప్రతి బస్తా పక్కనున్న స్విచ్చును తాకితే కౌంటరులో ఒకటి పెరుగుతుంది. చిరిగిన బస్తాను వెనక్కి పంపితే ఒకటి తగ్గుతుంది. లోడుకు సరిపడా అంకె రాగానే బెల్టు ఆగుతుంది. పాతబడిన స్విచ్చు ఒక్క తాకిడికే అదిరి, ఒక బస్తాను రెండుగా చూపించేది. లోడు సగంలోనే బెల్టు ఆగిపోయేది. హమాలీలు విసుక్కుంటూ రీసెట్ నొక్కేవాళ్ళు. కౌంటరు సున్నాకొచ్చి, బెల్టు దానంతటదే కదిలేది.

"ఒక పూట ఆపించండి, బాగుచేస్తాను" అంటే యజమాని వినలేదు.

"ఈ లోడ్లు పోయినాక చూద్దాంలే. నడస్తా ఉండాది గదా."

ఒకరోజు బెల్టు ఆగగానే ఉదయగిరి హమాలీ ఒకడు రోలరులో ఇరుక్కున్న గోనె లాగడానికి చెయ్యి పెట్టాడు. అవతలి చివరనున్నవాడు ఇది చూడక, అలవాటుగా రీసెట్ నొక్కాడు. బెల్టు కదిలి, రోలరులో పెట్టిన చెయ్యి మోచేతి దాకా పోయింది.

మర్నాడు మిల్లు ఆపారు. స్విచ్చు ఒకసారి తాకాక ఆ అదురు తగ్గేదాకా రెండో లెక్క పడకుండా కౌంటరులో చిన్న వ్యవధి పెట్టాను. రీసెట్ సున్నా మాత్రమే చేసేట్టు మార్చి, బెల్టు కదలడానికి వేరే బటన్ బిగించాను. పూట కూడా పట్టలేదు.

"ఇంతేనా పని?" అన్నాడు యజమాని.

నాకు ఒళ్ళు మండింది. రోలరు మీది రక్తం కడగడానికే ఎక్కువసేపు పట్టిందని చెప్పాను.