అందరికీ ఒకటే మెయిలు

కేతేపల్లిలో బస్సాగేచోట, మందుల షాపు పక్కన, నాగరాజు జిరాక్స్ సెంటర్. ఆధార్‌లో పేరు తప్పు పడినా నాగరాజే, హాల్ టికెట్ తీయాలన్నా నాగరాజే. తొమ్మిదేళ్లుగా సగం ఊరి పనులు ఆ ఒక్క కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి. దాంతో మనిషికి కాస్త పొగరు కూడా వచ్చిందనుకోండి. ఎవరన్నా రెండోసారి అడిగితే చాలు, "నాకు తెల్వదా?" అని గయ్యిమనేవాడు. ఆ పొగరే చివరికి ఒక ఆడపిల్ల కొంప ముంచింది.

నాగరాజుకు ఇంకో అలవాటుంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టమని ఎవరొచ్చినా ఫోన్ నంబర్ వాళ్లది వేస్తాడు, మెయిల్ ఐడీ మాత్రం తన షాపుది వేస్తాడు. "మీ ఐడీ పెడితే రేపు పాస్‌వర్డ్ మర్చిపోయి మళ్ల నా దగ్గరికే వస్తరు" అనేవాడు. జనం కూడా హమ్మయ్య అనుకునేవారు. ప్రింట్లకోసం ఊరందరూ ఫైళ్లు పంపేదీ ఆ ఐడీకే. రోజుకు వందొస్తాయి. ప్రింటు తీయాల్సింది తీస్తాడు, మిగతాది ముట్టుకోడు.

భద్రమ్మ కూతురు అక్షిత బీయస్సీ కెమిస్ట్రీ చదివింది. నాట్లకు పోయి ఒంటిచేత్తో చదివించింది తల్లి. చిట్యాల దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో ట్రైనీ పోస్టు పడితే నాగరాజే దరఖాస్తు పెట్టాడు. బుధవారం పొద్దున అక్షితకు ఫోన్ వచ్చింది, రేపు పదిన్నరకు ఇంటర్వ్యూ, వస్తున్నట్టు మెయిల్ చేయమన్నారు. పిల్ల పరుగున వచ్చింది.

"అన్నా, ఏమేం తెస్తున్ననో రాయాల్నట. ఇంటర్వ్యూ ఎవరు చేస్తరో, బట్టలు ఎట్లాంటియి వేసుకోవాల్నో గూడ జర అడుగన్నా."

"అన్నీ ఉన్నయి నా దగ్గర. నువ్వు కూసో."

ఉన్నాయి మరి. పోయిన నెలలో నరేశ్ అనే అతని కోసం రాసిన మెయిల్ అలాగే ఉంది, ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు, ఏం వేసుకోవాలి అన్న ప్రశ్నలతో సహా. పేరు మార్చాడు, తారీఖు మార్చాడు, కంపెనీ మార్చాడు. 'ఇంటర్వ్యూకు తప్పక హాజరవుతాను. ఇవి వెంట తెస్తాను' అని వరుసగా ఉంది. రెజ్యూమె మూడు కాపీలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్, ఫోటోలు. ఆ కిందే, పాత కంపెనీ ఎక్స్‌పీరియెన్స్ లెటర్, మూడు నెలల పే స్లిప్పులు. నరేశ్ జడ్చర్లలో రెండేళ్లు పనిచేసినవాడు, అతనికి అవి ఉన్నాయి. అక్షిత నిన్న మొన్న కాలేజీ గడప దాటిన పిల్ల. నాగరాజు కిందిదాకా చదవనే లేదు. బయట నలుగురు నిలబడి తొందర చేస్తుంటే టక్కున పంపేశాడు.

సాయంత్రం అక్షిత మళ్లీ వచ్చింది. "జవాబొచ్చిందా అన్నా?"

కంప్యూటర్ ఎదురుగానే ఉంది. తల తిప్పి చూస్తే అయిపోయేది. నాగరాజు జిరాక్స్ మెషిన్‌లో కాగితాలు సర్దుతూ, "ఏం రాలె. వస్తే నేను చెప్పనా? మంచిగ తయారై పో, బట్టలదేముంది" అన్నాడు.

ఆ పిల్ల నమ్మింది.

శుక్రవారం పొద్దున షాపు తెరిచీ తెరవకముందే భద్రమ్మ కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. అక్షిత కళ్లు వాచి ఉన్నాయి.

"జర నువ్వన్న చెప్పు కొడకా దీనికి! గా కంపెనోళ్లకు లేనిపోని నౌకరి చేసిన్నని రాసిందట. కాయిదాలు చూపియ్ అంటే నోరు తెరిచిందట. ఇజ్జత్ తీసింది. అబద్ధాలు రాయనీకేనా నిన్ను చదివిచ్చింది?"

నాగరాజు గబగబా షాపు మెయిల్ తెరిచాడు. పెళ్లి పత్రికలూ పొలాల పహాణీలూ దాటి కిందికి వెళ్తే కనిపించింది. బుధవారం నాలుగూ నలభై. అంటే సాయంత్రం ఆ పిల్ల వచ్చి అడిగేసరికే అక్కడ ఉంది. కంపెనీ మేడం మంజులత చక్కగా అన్నీ రాసింది. ఇంటర్వ్యూ చేసేది తానూ, ల్యాబు మేనేజర్ రఘుపతీ. సాదా దుస్తులు చాలు. ల్యాబులోకి తీసుకెళ్తాం కనుక కాళ్లు పూర్తిగా కప్పే బూట్లు వేసుకోవాలి, గాజులూ నగలూ గోళ్ల రంగూ వద్దు. చివర ఒక ముక్క: 'రెజ్యూమెలో అనుభవం లేదని ఉంది, మెయిల్‌లో ఎక్స్‌పీరియెన్స్ లెటర్ తెస్తానన్నారు. ఏది నిజమో ఈ రాత్రిలోగా తెలపండి.'

అక్షిత చేతులకు ఇంకా ఇంటర్వ్యూకని వేసుకున్న కొత్త గాజులే ఉన్నాయి.

"లోపలికి రానియ్యలేదన్నా. చెప్పులు చూసి ల్యాబు బయటనే నిలబెట్టిన్రు" అంది మెల్లగా. "మేము అడిగినదానికి జవాబెందుకియ్యలేదన్నరు. నాకు మెయిలే రాలేదంటే నవ్విన్రు."

"నేను రాసిన్నని చెప్పలేదా?"

"లే. నేనే రాసిన, తప్పు పడ్డది అన్న. నీ పేరెందుకన్నా మధ్యల."

భద్రమ్మ ఇంకా తిడుతూనే ఉంది. నలుగురూ చూస్తున్నారు. నాగరాజుకు ఒక్క క్షణం పాడు ఆలోచన వచ్చింది. ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? పిల్ల తన పేరు చెప్పలేదు, ఆ మెయిల్ ఎవరు రాశారో తల్లికి తెలియదు. అలా ఊరుకున్నాడు కూడా. ఊరుకున్నంతసేపూ భద్రమ్మ తిట్లన్నీ ఆ పిల్ల తలవంచుకుని పడింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది నాగరాజుకు.

"ఆపు పెద్దమ్మా. పిల్లది కాదు తప్పు. నాదే."

భద్రమ్మకు అర్థం కాక మళ్లీ చెప్పాల్సి వచ్చింది. వేరేవాళ్ల మెయిల్ చదవకుండా పంపానని, జవాబు వచ్చి ఉన్నా చూడకుండా రాలేదన్నానని, అందరి ముందూ చెప్పాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కూతురి తల మీద చెయ్యి వేసి, నాగరాజును ఎవరో కొత్తవాణ్ని చూసినట్టు చూసింది.

తన కుర్చీ అక్షితకిచ్చి నాగరాజు పక్కన నిలబడ్డాడు. ఆ పిల్ల ఫోన్‌లోనే ఆమె పేరుతో ఐడీ తెరిపించాడు. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు మొహం అటు తిప్పుకున్నాడు. జరిగింది జరిగినట్టు అక్షితే రాసింది. "నాగరాజు అనేటోడు చేసిన తప్పని నా పేరు, నంబర్ గూడ పెట్టు" అన్నాడు.

మధ్యాహ్నం ఆమె ఫోన్‌కే జవాబు వచ్చింది. నిజం చెప్పినందుకు సంతోషం. పోస్టు నిన్ననే ఇంకొకరికి ఇచ్చేశాం. మళ్లీ ఖాళీ ఉంటే ఈ ఐడీకే రాస్తాం.

అక్షిత రెండుసార్లు చదువుకుంది. ఏడవలేదు. లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"అన్నా, నీ ఐడీల ఇంకెవరియన్న ఉన్నయా?"

ఉన్నాయని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. నాగరాజు 'ఇంటర్వ్యూ' అని కొట్టి వెతికాడు. ఒక్కొక్కటే పైకొచ్చింది. చాలావరకు తెరవనివే. కాటమయ్య కొడుకుది ఒకటి, స్వరూపవి రెండు. రమకు జడ్చర్ల నుంచి పిలుపు, నాలుగు నెలల కిందటిది. ఆ రమ పోయిన వారమే షాపుకొచ్చి అడిగింది. రాలేదని చెప్పినవాడు తనే.

షట్టరు సగం దించి నాగరాజు ఫోన్ తీశాడు. రెండో రింగుకే రమ ఎత్తింది.

"ఏందన్నా, ఏమన్న వచ్చిందా?" అని సంబరంగా అడిగింది.

"వచ్చిందమ్మా," అన్నాడు నాగరాజు. "ఎప్పుడో వచ్చింది. నేనే చూడలె."