గంటకో చెంబు

నాకు కోపం ఎక్కువ. నర్సీపట్నంలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆ కోపాన్ని కూడా ఓ మందులాగే వాడేదాన్ని. మెత్తగా చెబితే జనం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని, కసిరితేనే బుర్రకెక్కుతుందని నా నమ్మకం. ఒక ఇంటివాళ్ల విషయంలో అది నిజమే అయింది. నేను కసిరి చెప్పిన ఒక్క మాటని వాళ్లు అక్షరం పొల్లుపోకుండా పాటించారు. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గొలుగొండ వైపు పల్లెలో చెరకు వేసే కుటుంబం వాళ్లది. ఆవిడకి ముప్ఫై దాటి రెండు మూడేళ్లుంటాయి. తొంభైల చివర విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి దగ్గర పెరిగిన గడ్డను తీసేశారు. గడ్డ పోయింది, దాంతోపాటు వాసోప్రెసిన్ అనే హార్మోనూ పోయింది. ఒంట్లో నీటిని పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పేది ఆ హార్మోనే. అది లేకపోతే తాగినవి తాగినట్టే బయటికి పోతాయి. ఆవిడ రోజుకు బిందెడు నీళ్లు తాగేది, బిందెడు మూత్రం పోసేది. దాని పేరు డయాబెటిస్ ఇన్సిపిడస్. పేరులో డయాబెటిస్ ఉన్నా చక్కెరతో ఏ సంబంధమూ లేదని వాళ్లకి నచ్చజెప్పడానికి నాకు నెల పట్టింది. ఈలోగా చుట్టుపక్కలవాళ్లంతా కలిసి, బెల్లం వండే ఇంట్లోనే ఆవిడ చేత బెల్లం మాన్పించేశారు.

లేని హార్మోనుకి బదులు వాడే మందు డెస్మోప్రెసిన్. చిన్న సీసాలో ద్రవం, దాంతోపాటు గీతలు పెట్టిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉండేవి. గొట్టంలోకి గీత వరకూ మందు పీల్చి, ఒక కొన ముక్కులో, రెండో కొన నోట్లో పెట్టుకుని ఊదుకోవాలి. సీసాని ఫ్రిజ్‌లో ఉంచాలి. వాళ్లూరిలో ఫ్రిజ్ ఉన్నది కూల్‌డ్రింకుల కొట్టులోనే. రోజూ పొద్దున్నే ఆవిడ భర్త ఆ కొట్టు తీయించి, సోడాల మధ్య నుంచి సీసా తెచ్చి, మందు ఊదించి, మళ్లీ పెట్టి వచ్చేవాడు. ఆవిడ దాన్ని "మా ఆయన సన్నాయి" అనేది. నవ్వించే మనిషి. ఆవిడ వచ్చిన రోజు నా ఓపీ సందడిగా ఉండేది.

ఒక ఎండాకాలం ఆ మందు విశాఖపట్నంలోనే దొరకలేదు. సీసా ఖాళీ అయిన నాలుగో రోజున వాళ్లు యలమంచిలిలో పెళ్లికి వెళ్లారు. బస్సులో నలుగురి ముందూ మాటిమాటికీ నీళ్లడగడానికి, మాటిమాటికీ బస్సు ఆపించడానికి ఆవిడ సిగ్గుపడింది. తిరుగు ప్రయాణంలో నాలుక పిడచకట్టి, మనిషి మగతలోకి జారిపోయి నా దగ్గరికి వచ్చింది. నీళ్లు తగ్గిపోవడంతో రక్తంలో సోడియం బాగా పెరిగిపోయి ఉంది. రెండు రోజులు పట్టింది మామూలు మనిషి కావడానికి.

అప్పుడు ఆవిడ భర్తని వరండాలో నిలబెట్టి దులిపేశాను. "అది అడిగేదాకా ఆగుతావా? గంటకో చెంబు. మెలకువగా ఉన్నంతసేపూ, అడిగినా, అడక్కపోయినా. తప్పావో, ఇక నా గుమ్మం తొక్కొద్దు" అన్నాను.

"అలాగేనండి డాక్టరమ్మ గారూ. మీరు సెప్పినాక తప్పుతానేటి" అన్నాడు.

అతను తప్పలేదు. పదిహేను జీడిపిక్కలు ఒక గిన్నెలో వేసి, చెంబు తాగించినప్పుడల్లా ఒక పిక్క తీసి రెండో గిన్నెలో వేసేవాడట. పొలం వెళ్తే ఆ పని తల్లికి అప్పగించేవాడు. ఆ సంగతి చెప్తే నేను మెచ్చుకున్నాను కూడా. వారం తిరక్కుండా మందు దొరికింది. చీటీ మీద మోతాదు మళ్లీ రాసిచ్చాను. మందు మొదలయ్యాక గంటకో చెంబు ఆపెయ్యాలని, దాహం వేస్తేనే తాగాలని చెప్పలేదు. మర్చిపోయాను. ఓపీ నిండా జనం, బయట ఎండ, నాకు చిరాకు. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

మందు లేనప్పుడు గంటకో చెంబు ప్రాణం నిలబెట్టింది. మందు పడ్డాక మూత్రపిండాలు నీటిని వదలవు. చెంబులు మాత్రం పడుతూనే ఉన్నాయి. తెల్లవారే ముందు మందు బలం తగ్గి కొంత నీరు పోయేది, పగలు అంతకన్నా ఎక్కువ చేరేది. నీరు చేరిన కొద్దీ రక్తంలో సోడియం పలచబడింది. తలనొప్పి అంటే ఎండ అనుకున్నారు. వాంతి అయితే తిన్నదేదో పడలేదనుకున్నారు. వద్దంటున్నా అత్తగారు బతిమాలి చెంబు పట్టించేదట. మందు మళ్లీ మొదలైన ఎనిమిదో రోజు పొద్దున మూర్ఛలు వచ్చాయి. ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు.

సోడియం చూసే మిషను అప్పట్లో ఊళ్లో ఒక్క ల్యాబులోనే ఉండేది. నూట ముప్ఫై అయిదు ఉండాల్సింది నూట తొమ్మిది ఉంది. జీడిపిక్కల లెక్క ఇంకా నడుస్తోందని అతని నోట విన్నాక, చెంబులు ఆపమని నేను చెప్పనేలేదని గుర్తొచ్చింది. అయినా నోరు ఊరుకోలేదు. "ఈ మందు మీద అన్ని నీళ్లు పోస్తారా? ఇంక ఈ మందు ముట్టుకోకు" అని అరిచాను. మెదడు వాపు తగ్గడానికి ఉప్పు శాతం ఎక్కువగా ఉండే సెలైన్ కొంచెం కొంచెంగా ఎక్కించాను. సాయంత్రానికి మూర్ఛలు ఆగాయి. సోడియం నూట పదిహేడు దగ్గరికి వచ్చింది. ఆవిడ కళ్లు తెరిచి భర్తని గుర్తుపట్టింది. ఆ రోజుకి అంతే చాలు, ఇంక పెరగకూడదని నాకు తెలుసు. సెలైన్ ఆపేసి ఇంటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున వార్డులోకి అడుగుపెట్టగానే నర్సు ఎంతో సంతోషంగా చెప్పింది: "మూత్రం బాగా వస్తన్నాదమ్మా. నీరంతా దిగిపోనాది." మంచం కింద మగ్గులు వరసగా ఉన్నాయి. వాటిలో ఉన్నది కుళాయి నీళ్లంత తేటగా ఉంది. ఒక్క క్షణం నేనూ సంతోషించాను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మందు నేనే ఆపించాను. దాని బలం తగ్గగానే, పట్టి ఉంచే హార్మోను లేని ఆ ఒళ్లు చేరిన నీటినంతా గేటు ఎత్తేసినట్టు వదిలేసింది. సోడియం నూట ముప్ఫై ఒకటి. ఒక్క రోజులో ఇరవై రెండు పెరిగింది. పలచటి రక్తానికి అలవాటుపడ్డ మెదడు, సోడియం అంత వేగంగా పెరిగితే తట్టుకోలేదు. నరాల మీది పొర దెబ్బతింటుంది. ఆ దెబ్బ వెంటనే కనిపించదు.

విశాఖపట్నంలో నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరు గారికి ఫోన్ చేశాను. ఆయన విన్నారు. "డెస్మోప్రెసిన్ ఆపావా?" అని మాత్రం అడిగారు. ఆపానన్నాను. "ఆపకూడదమ్మా. మందు ఉంచి, నీళ్లు ఆపాలి. ఇప్పుడే మళ్లీ ఇయ్యి. డెక్స్ట్రోజ్ ఎక్కించి సోడియాన్ని కిందికి దించు. బేగి" అన్నారు.

సీసా తెమ్మన్నాను. భర్త కదల్లేదు.

"ఆ ఇసాన్ని మళ్లీ ఇత్తారేటండి? మీరే కదండీ ముట్టుకోవద్దన్నారు. నిన్ననే కాలవలో ఇసిరేసినాను" అన్నాడు.

విశాఖపట్నంలో ఒక షాపువాడిని బతిమాలి, ఐసు ముక్కల డబ్బాలో సీసా పెట్టించి, ఆర్టీసీ బస్సు కండక్టరు చేతికి ఇప్పించాను. అది వచ్చేసరికి మూడున్నర. అప్పటిదాకా పోయిన నీటికి బదులు ఉప్పు లేని డెక్స్ట్రోజ్ ఎక్కిస్తూ వెనక వెనకే పరిగెత్తాను. అయినా సోడియం నూట ముప్ఫై ఆరుకి ఎక్కింది. సీసా వచ్చాక ఆవిడే గొట్టం నోట్లో పెట్టుకుని ఊదుకుంది. "నిన్న తిట్నారు, నేడు పిలిపించుకున్నారు. దీనికీ మా ఆయనకీ ఒకటే మర్యాద మీ దగ్గర" అంది. నర్సు నవ్వింది. మూత్రం తగ్గింది. మర్నాటికి సోడియం నూట ఇరవై ఎనిమిదికి దిగింది. సమయానికి దించానో లేదో చెప్పే పరీక్ష ఏదీ లేదు.

తర్వాతి రెండు రోజులూ నా జీవితంలో అన్నిటికన్నా భయంగా గడిచాయి. ఆవిడ లేచి కూర్చుంది, జడ వేయించుకుంది, వార్డులో అందరితో వేళాకోళాలాడింది. భర్త బెల్లం అచ్చు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అత్తగారు నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను రెండు పూటలా వెళ్లి "నాలుక చాపు, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు" అని అడిగేదాన్ని. "చంటిపిల్లనేటండి" అని విసుక్కునేది. ఎందుకు అడుగుతున్నానో ఎవరికీ చెప్పలేదు.

సీసా వచ్చిన తర్వాత నాలుగో రోజు పొద్దున, లెక్కపెడుతుంటే ఆరు దగ్గర మాట ముద్దగా వచ్చింది. ఏడు అనలేకపోయింది. తనే నవ్వబోయింది, మూతి సరిగ్గా కదల్లేదు. మధ్యాహ్నానికి గుక్కెడు నీళ్లు మింగలేక ఉక్కిరిబిక్కిరైంది. ఆరో రోజుకి కాళ్లూ చేతులూ బిగుసుకున్నాయి. కళ్లు మాత్రం అందర్నీ చూస్తూనే ఉన్నాయి. విశాఖపట్నం పంపించాను. ముక్కులోంచి గొట్టం వేసి మూడు నెలలు ఉంచారు. ప్రాణం దక్కింది. మింగడం వచ్చింది, గోడ పట్టుకుని నడవడం వచ్చింది. మాట రాలేదు, కొన్ని శబ్దాలే మిగిలాయి.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఒక వైద్య పత్రికలో కొత్త మాత్రల గురించి చదివాను. వాసోప్రెసిన్ అవసరానికి మించి పని చేసి సోడియం పడిపోయినవాళ్లకి, మూత్రపిండాల్లో ఆ హార్మోను ఆనే చోటును మూసేసి నీటిని బయటికి పంపే మాత్రలు. ఆస్పత్రిలోనే మొదలుపెట్టాలని, మాటిమాటికీ సోడియం చూడాలని, వేగంగా పెరగనివ్వకూడదని హెచ్చరిక ఉంది. నేను మందు ఆపించిన రాత్రి, ఏ మాత్రా లేకుండానే ఆవిడ మంచం మీద అదే జరిగింది. పత్రిక మూసేశాను. అలాంటి రోగి ఎవరైనా వస్తే విశాఖపట్నానికే పంపించాను కానీ, నా చేత్తో ఆ మాత్ర ఎప్పుడూ రాయలేదు.

అంతకు ముందు, ఆవిడ విశాఖపట్నం నుంచి ఇంటికి వచ్చిన నెలలో భర్త చీటీ కోసం వచ్చాడు. "ఆ సీసా నాను పారీకుండా ఉంటే ఇలాగయ్యేది కాదంట కదండీ. పెద్దాసుపత్రిలో అనుకున్నారు. నా సేతుల్తో నానే సేసుకున్నాను. మీరేటీ అన్లేదు, మీది పెద్ద మనసు" అన్నాడు.

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. ఊళ్లో అందరినీ తిట్టే నోరు అది. తెరవలేదు. చీటీ రాసి, ఈసారి నెమ్మదిగా చెప్పాను. "మందు పొద్దున్నే ఊదించు. నీళ్లు లెక్కపెట్టి పట్టించకు. దాహం వేసి అడిగితేనే ఇయ్యి."

అతను చీటీ మడిచి జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

"అడగడానికి దానికి మాట రాదు కదండీ" అన్నాడు.