నానబెట్టని ఫాల్

మా కాలనీ ఆడవాళ్లు పదిహేను వేలు పోసి గద్వాల చీర కొంటారు. కొన్నచోట నోరెత్తరు. షాపువాడు ఇచ్చిన కూల్‌డ్రింక్ తాగి, వాడు చెప్పిన ధరకు తలూపి వస్తారు. అదే చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి మా ఇంటికి వచ్చి, పది రూపాయలు తగ్గించమని గుమ్మంలో అరగంట నిలబడతారు. రెండేళ్లుగా ఈ తమాషా నా ముందుగదిలోనే చూస్తున్నాను. చూసిన కొద్దీ వాళ్ల మీద నాకు మర్యాద తగ్గుతున్నదే తప్ప పెరగలేదు.

గది నాది. అందులో నడిచే వ్యాపారం నా మేనకోడలిది. మా అన్న బిడ్డ. అన్నది గట్టు మండలంలో పల్లె, నాలుగెకరాల మెట్ట చేను. పిల్లను బీకాం చదివించడానికి గద్వాలలో నా ఇంట్లో పెట్టాడు. మొదటి ఏడాది చివర కాలేజీవాళ్లు, సర్కారు నుంచి స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తదో తెల్వదు, ముందు మీరు కట్టండి, లేకుంటే హాల్‌టికెట్ లేదు అన్నారు. పాఠం చెప్పడానికి గంట ఆలస్యంగా వచ్చే సార్లు ఆ మాట చెప్పడానికి మాత్రం ఠంచనుగా క్లాసుకు వచ్చారట. అన్న అప్పు చేసి కట్టాడు. మరుసటి ఏడు తండ్రిని అడగనని పిల్ల పట్టు పట్టింది. సెలవుల్లో సీడు పత్తి చేలల్లో పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ కూలికి పోయి దాచుకున్న డబ్బుతో పాత పికో మిషన్ కొన్నది. గోడకు అట్టముక్క తగిలించింది: ఫాల్, పికో, కుచ్చులు.

అన్న ఫోన్‌లో నా మీద ఎగిరాడు. "చదువుకోమని పంపిస్తే కుట్టుపనికి పెట్టినవా?"

"నేను పెట్టలే. నీ బిడ్డ నీ లెక్కనే మొండిది" అన్నాను.

"సరే విను. ఒక్క సబ్జెక్ట్ తప్పినా సరే, మిషన్ అమ్ముత, దాన్ని ఇంటికి తోలుకపోత. పెండ్లి చేస్త."

ఆ మాట పిల్ల విన్నది. మిషన్ పక్కన గోడకు టైంటేబుల్ అంటించింది. పొద్దున ఐదింటికి లేచి చదువు, పది నుంచి నాలుగు దాకా కాలేజీ, నాలుగున్నర నుంచి కుట్టు. కాస్ట్ అకౌంటింగ్ పుస్తకం మోకాలి మీద తెరిచి పెట్టుకుని, చీర అంచుకు హెమ్మింగ్ చేస్తూ సూత్రాలు వల్లిస్తుంది. ఒక వస్తువు తయారీకి ఎంత ఖర్చయిందో లెక్కగట్టే చదువట అది. ఫాల్ కుట్టడానికి అరవై ఇస్తానని బేరమాడే ఆడవాళ్లకు ఆ పుస్తకం నెత్తిన కొట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆ పిల్లకు ఒక్క పట్టింపు ఉంది. షాపు నుంచి తెచ్చిన ఫాల్‌ను నేరుగా కుట్టదు. రాత్రి బకెట్ నీళ్లలో నానబెడుతుంది, పొద్దున ఆరేస్తుంది, ఇస్త్రీ చేస్తుంది, అప్పుడు ముట్టుకుంటుంది సూది. అందుకే ఏ చీరనైనా మూడు రోజులకు తక్కువ ఇవ్వదు. "ఫాల్ నూలుది అత్తా. ఉతికితే గుంజుకుంటది. గద్వాల చీర అంచు పట్టు, అది గుంజుకోదు. కుట్టినంక ఫాల్ ఒక్కటే గుంజుకుంటే అంచంతా ముడతలు పడి లేస్తది" అని చెప్పింది. నేను డిగ్రీ చదివినదాన్ని, ముప్ఫై ఏళ్లుగా చీర కట్టేదాన్ని. నాకు చెప్పడం! విని నవ్వాను.

కిందటేడు కార్తీకంలో మా వెనక వీధిలో ఒకామె ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నది. ఆమె, ఆమె చుట్టు తిరిగే ఐదుగురు, మొత్తం ఆరుగురూ ఒకే రంగు చీరలు కట్టాలనుకున్నారు. పండిన చింతకాయ రంగు, ఎర్ర అంచు. ఆరుగురినీ ఒక వరుసన నిలబెడితే పెండ్లి బ్యాండు మేళం లెక్క ఉంటారని నాకు అప్పుడే తోచింది. గృహప్రవేశం ఇంకా రెండు రోజులుందనగా చీరలు పట్టుకొచ్చారు.

"రెండు రోజులల్ల కాదు ఆంటీ, మూడు రోజులు పడతది. రేపట్నుంచి నాకు ఇంటర్నల్ పరీక్షలు" అన్నది పిల్ల.

"ఏం పరీక్షలో ఏమో! ఆరు చీరలు ఒక్కసారి ఎవరిస్తరే నీకు? జర అర్జెంట్ జేయి బిడ్డా" అన్నది ఆ గృహప్రవేశం ఇంటామె. అని, ఆరు చీరలు కదా అని ఒక్కో చీరకు పది తగ్గించమన్నది కూడా.

పిల్ల వద్దని చెప్పబోయింది. నాకు రోషం వచ్చింది. వెనక వీధి వాళ్ల ముందు మా ఇంట్లో పని కాలేదనిపించుకోవడమా? "తీసుకో" అన్నాను. వాళ్లు గేటు దాటాక, "నువ్వు చదువుకో, నేను కుడత" అన్నాను.

"ఫాల్ నానబెట్టాలె అత్తా. రాత్రి నానబెడితే ఎల్లుండికి..."

"ఏమైతది ఒక్కసారికి? నీళ్లు, బకెట్, ఆరేసుడు! నీది ఫాల్ షాపా, చాకిరేవా? పో, పోయి చదువుకో."

పిల్ల నా ముఖం చూసింది. ఇల్లు నాది, అన్నం నాది. చదువుకోవడానికి లోపలికి పోయింది. నేను రెండు రోజులు ఇంటి పని మానేసి ఆరు చీరలకు ఫాల్ కుట్టాను. కట్టుకుపోయారు, గృహప్రవేశం చేసుకున్నారు, ఫోటోలు దిగారు. మా ఆయనతో రెండు పూటలు గొప్పలు చెప్పుకున్నాను.

నెల దాటింది. ఐదో సెమిస్టర్ పరీక్షలు మొదలయ్యాయి. కాస్ట్ అకౌంటింగ్ రోజు పిల్ల తొమ్మిదింటికి పెరుగన్నం తిని, హాల్‌టికెట్ సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంటున్నది. పదింటికి పరీక్ష. కాలేజీ ఊరవతల, ఆటోలో ఇరవై నిమిషాలు. అరగంట దాటితే లోపలికి రానివ్వరు.

గేటు తీసుకుని ఆరుగురూ వచ్చారు. చేతుల్లో ఆరు కవర్లు. ఇంటామె చీర తీసి మా అరుగు మీద విదిలించింది. ఎర్ర అంచు పొడుగునా కుంచించుకుపోయి, పాము పాకినట్టు లేచి ఉంది.

"ఏందే పిల్లా ఇది? ఒక్క ఉతుకుకు గిట్లయితదా? గీ చీర ఎట్ల కట్టాలె?"

"నాది సూడు!"

"నాది ఇంకా అన్యాలం!"

నేను ముందుకొచ్చాను. వాదనలో నన్ను గెలిచినవాడు ఈ జిల్లాలో లేడు. "మీరు వాషింగ్ మిషన్ల ఏసిన్రు. గద్వాల చీర వాషింగ్ మిషన్ల ఏస్తరా ఎవరైన? తెల్వకుంటే అడగాలె" అన్నాను.

"మిషన్ల ఎవరేసిన్రమ్మా? ఆరుగురి చీరలు ఆరిండ్లల్ల ఉతికినం. అందరివీ ఒకే తీరుగ అయినయి. నీళ్లన్ని కట్టగట్టుకుని పగబట్టినయా?" అన్నది అందులో ఒక సన్నటి ఆమె. మిగతావాళ్లు నవ్వారు. నిజం చెప్పాలంటే మంచి జవాబే. అందుకే ఇంకా మంటెక్కింది.

"ఆ పిల్లనే చెప్పమను. పని చేసింది అది గదా" అన్నది ఇంటామె. అని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "సంగతి తేల్చి పో బిడ్డా. పరీక్ష మళ్ల రాసుకోవచ్చు, నా చీర మళ్ల రాదు."

మళ్ల రాసుకోవచ్చట! తన చీర అంచు కోసం ఒక పిల్ల ఏడాదిని తీసుకుపోవడానికి వచ్చింది. అంతటి మనిషిని పట్టుకుని మా కాలనీలో పెద్దమనిషి అంటారు.

పిల్ల సంచి కింద పెట్టింది. చీర అంచు తిరగేసి చూసింది. అక్కడ నా కుట్లు ఉన్నాయి. దాని కుట్టు ఆవగింజంత. నావి ఎడ్లబండి బాటలా బారులు తీరి ఉన్నాయి. ఒక్క చూపు చాలు, ఎవరు కుట్టారో తెలియడానికి. గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తున్నది.

"ఫాల్ నానబెట్టకుండ కుట్టిన ఆంటీ. తప్పు నాదే. పరీక్ష నుంచి రాంగనే ఇప్పి మళ్ల కుడత" అన్నది.

నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు.

"రాంగనే అంటే? సాయంత్రం మా ఆడబిడ్డ ఇంట్ల సీమంతం. నాకు ఇప్పుడే గావాలె. లేకుంటే చీర పైసలు లెక్కగట్టు. మీ నాయన నంబర్ ఇయ్యి, మాట్లాడత" అన్నది ఇంటామె.

మీ నాయన అన్న మాటకు పిల్ల చేతిలోని అంచు వదిలేసింది. మా అన్న ఒక ఫోన్ కోసం ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. చీరలు పాడుచేసిందట, పరీక్ష కూడా పోయిందట, ఇంకేం కావాలి ఆయనకు?

నేను జీవితంలో చాలామందిని తప్పు ఒప్పుకునేలా చేశాను. మా ఆయనను, ఇద్దరు ఆడబిడ్డలను, కరెంటు ఆఫీసు వాణ్ని. నేను ఒప్పుకున్న జ్ఞాపకం మాత్రం లేదు.

"దానికి అడ్డం తప్పుకోండి" అన్నాను చివరికి. "కుట్టింది నేను. నానబెట్టాలె అని అది చెప్పింది, నేనే వద్దన్న. మీ రెండు రోజుల అర్జెంట్ కోసం. చీరలు నేను చక్కజేస్త. దాన్ని పోనియ్యండి."

ఆరు ముఖాలు నా వైపు తిరిగాయి. ఎంత సంతోషమో ఆ ముఖాల్లో! "అబ్బో, డిగ్రీ చదివిన మేడమ్ కుట్టిందంట" అన్నది సన్నటామె. అననీ. ఇంటామె గుమ్మం వదిలింది. పిల్ల సంచి అందుకుని గేటు దాటింది, ఆటోను కేక వేసింది.

ఐదుగురు చీరలు పడేసి పోయారు. ఇంటామె పోలేదు. కుర్చీ వేసుకుని నా ఎదురుగా కూర్చున్నది. నేను బ్లేడుతో నా కుట్లు ఒక్కొక్కటే విప్పుతుంటే చూస్తూ, టీ అడిగి తాగింది. ఆమె చీరకున్న ఫాల్ ఊడదీసి, అంచుకు నీళ్లు చిలకరించి, ఇస్త్రీ చేశాను. ముడత పోయింది. "ఈ పూటకు ఫాల్ లేకుండనే కట్టుకో, రేపు తెచ్చియ్యి" అన్నాను. "గట్లనా?" అని, చీర మూడుసార్లు తిప్పి చూసుకుని పోయింది. ఒక మంచి మాట కాదు కదా, పోతూ గేటు కూడా వేయలేదు.

బజారుకు పోయి ఆరు కొత్త ఫాల్స్ నా డబ్బుతో తెచ్చాను. బకెట్‌లో ముంచాను. మిగిలిన ఐదు చీరల కుట్లు విప్పుతుండగా పిల్ల వచ్చింది.

"రానిచ్చిన్రా?"

"పదింటికి ఐదు నిమిషాలుందనంగ పోయిన. రాసిన."

"ఎట్ల రాసినవ్?"

"రాసిన అత్తా" అన్నది. బకెట్‌లో చెయ్యి పెట్టి, పైకి తేలిన ఫాల్ కొసను లోపలికి అదిమింది. "మొత్తం మునగాలె. రేపు ఎండినంక నేనే కుడత. నువ్వు సూది ముట్టకు."

సరేనన్నాను. వాదించలేదు.

ఆ సబ్జెక్ట్ పిల్ల అత్తెసరు మార్కులతో పాసయింది. పాసయింది, అది చాలు. మార్కులు తక్కువని అన్న ఫోన్‌లో సణిగాడు. "తప్పితే అన్నవ్, తక్కువొస్తే అనలే" అని పెట్టేశాను. మిషన్ ముందుగదిలోనే ఉంది. పిల్ల నాకు కుట్లు విప్పే పని, ఫాల్ నానబెట్టే పని ఇచ్చింది. జీతం లేదు.

ఆరుగురిలో నలుగురు మళ్లీ వస్తున్నారు, కొత్త చీరలతో. సిగ్గుపడే మనుషులు కాదు. పది రూపాయలు తగ్గించమని ఇప్పటికీ అడుగుతారు. పిల్ల కాలేజీలో ఉన్నప్పుడు వస్తే నా చేతికి చీర ఇచ్చి, "ఇది నానబెట్టే కుడతరు గదా?" అని నవ్వుతారు. జవాబు చెప్పడం నా మర్యాదకు తక్కువ. కాలితో బకెట్ ముందుకు జరుపుతాను.