ముందు కాళ్లు, తర్వాత నడుము, చివర చేతులు

ఆ అమ్మాయికి నేను తప్పు నేర్పానని మా మేనేజరు అందరి ముందూ అన్నాడు. తొంభైల చివరి సంగతి అది. ఆయన ఆ మాటను వెనక్కి తీసుకోలేదు, నేను దాన్ని మరిచిపోలేదు. ఇన్నేళ్లయింది కదా, వదిలెయ్యరాదా అని మా ఇంట్లోవాళ్లు అంటూ ఉంటారు. అన్నవాడు వదిలేశాడు, నిజమే. పడ్డవాడు ఎట్లా వదులుతాడు?

మాదాపూర్‌లో అప్పటికి ఆ గుండ్రటి పెద్ద భవనం కొత్తగా లేచింది. దాని చుట్టూ బండరాళ్లు, తుమ్మచెట్లు, లారీలు లేపే దుమ్ము. మా కంపెనీ అక్కడికి దగ్గర్లోనే ఒక మూడంతస్తుల మేడలో ఉండేది. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసింది ఇక్కడ మా వాళ్లు విని టైపు చేసేవారు. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు. వాళ్లు టైపు చేసిన దాంట్లో తప్పులు దిద్దడం నా ఉద్యోగం. రోజంతా కూర్చునే పని కావడంతో అందరికీ నడుము నొప్పులే. మేం దిద్దే కాగితాల్లోనూ సగం నడుము నొప్పులే ఉండేవి.

విదేశీ క్లయింట్లకు చూపించడానికి కంపెనీ వాళ్లు పై అంతస్తులో ఒక జిమ్ పెట్టారు. దాంట్లో ఒక మూల రోయింగ్ మిషన్ ఉండేది. నేల మీద పొడవాటి పట్టా, దాని మీద ముందుకూ వెనక్కూ జారే సీటు, పాదాలు కట్టుకునే పట్టీలు, గొలుసుకు తగిలించిన పిడి. పిడి లాగితే ముందున్న జాలీలో ఫ్యాను చక్రం తిరుగుతుంది. ఐదు వందల మీటర్లు పోవడానికి ఎంతసేపు పడుతుందో చిన్న తెర మీద కనిపిస్తూ ఉంటుంది. దాన్ని మాకు నేర్పడానికి మొదట ఒక రిటైరైన హవల్దారు వచ్చేవాడు. తన రెజిమెంటు తరఫున నిజం పడవల్లో పోటీలకు దిగినవాడు. నాకు నడుము నొప్పి ఉందని చెబితే, నెలరోజులపాటు నన్ను చేతులు వాడనివ్వలేదు. పిడి పట్టుకో, చేతులు తాళ్లలా వదిలెయ్, కాళ్లతో తొయ్యి, అంతే. మిగతావాళ్లు తమ వంతు రాగానే దర్జాగా తెడ్డు వేస్తుంటే, అంటే పిడి లాగుతుంటే, నా వంతులో నేను కాళ్లు చాపుకుంటూ ముడుచుకుంటూ కూర్చునేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

కానీ ఆయన చెప్పింది నిజం. ముందుకు వచ్చినప్పుడు పిక్కలు నిటారుగా నిలవాలి, చేతులు చాపి ఉండాలి, నడుము వంగకుండా తుంటి దగ్గర నుంచి ఒళ్లు కాస్త ముందుకు వాలి ఉండాలి. అక్కడి నుంచి మొదట కాళ్లే తొయ్యాలి. సీటు ఎంత జరిగితే పిడీ అంతే జరగాలి. కాళ్లు దాదాపు చాచుకున్నాక, పిడి మోకాళ్లు దాటాక, అప్పుడు ఒళ్లు వెనక్కి కొద్దిగా ఊగాలి. అది ఊగిన తర్వాతే చేతులు పిడిని పక్కటెముకల అడుగు దాకా తీసుకురావాలి. తిరిగి వెళ్లేటప్పుడు తలకిందులు: ముందు చేతులు, తర్వాత ఒళ్లు, చివర మోకాళ్లు. మోకాళ్లు ముందే లేస్తే పిడి వాటికి తగులుతుంది, గొలుసు ఎగిరి పడుతుంది. తోసేటప్పుడు బలం, వచ్చేటప్పుడు నింపాది. ఈ వరస కుదిరితే గొలుసు ఒకే ఎత్తున పోతుంది, ఫ్యాను చప్పుడు తెగకుండా ఒకే తీరు హోరుగా వినిపిస్తుంది. వరస తప్పితే ఆ హోరు మధ్యలో తెగుతుంది. కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఖర్చులు తగ్గించాలని హవల్దారును మానిపించారు. నీకు వచ్చు కదా, కొత్తవాళ్లకు నువ్వే చూపించు అని అడ్మినిస్ట్రేషన్ వాళ్లు నాతో అన్నారు. పోనీలే అని ఒప్పుకున్నాను. దానికి ఒక్కరూ కృతజ్ఞత చెప్పలేదు.

ఆ అమ్మాయి నల్లగొండ వైపు నుంచి వచ్చింది. ప్రొబేషన్‌లో ఉంది. తండ్రి మణికొండలో ఒక కట్టడం దగ్గర కాపలా పని, వాళ్లది అక్కడే రేకుల గది. ఈ ఉద్యోగం ఖాయమైతే తప్ప మంచి కిరాయి ఇంటికి మారలేరు. ఆమెకు కావలసింది ఆ ఖాయం కావడం ఒక్కటే. ఆ ఏడాది మా భవనం చుట్టుపక్కల ఆఫీసుల మధ్య రోయింగ్ మిషన్ మీద రిలే పందెం పెట్టారు. ఒక్కో జట్టులో నలుగురు, ఒక్కొక్కరికి ఐదు వందల మీటర్లు, ఒక ఆడపిల్ల తప్పనిసరి. జట్టులో ఉన్నవాళ్లను తను గుర్తుంచుకుంటానని మేనేజరు అన్నాడు. ఆమెకు ఆ మాట చాలు.

నేను ఆమెకు హవల్దారు నాకు నేర్పినట్టే నేర్పాను. ముందు కాళ్లు మాత్రమే. తర్వాత కాళ్లు, ఒళ్లు. ఆ తర్వాతే చేతులు. ఆమెకు మొదట్లో విసుగు.

"అన్నా, గిట్ల కాళ్లు జాపుకుంట కూసుంటే పందెం ఎట్ల గెలుస్తం?" అంది.

"గెలవడం తర్వాత. సీటు ఒక్కటే వెనక్కి పోతోంది, పిడి అక్కడే ఉంది. చూసుకో."

"పిడి గూడ నాలెక్కనే, ఇంక ప్రొబేషన్ల ఉన్నట్టుంది."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆమెలో ఉన్న లోపం అదే. తొందరపడినప్పుడు కాళ్లు ముందే జారిపోయేవి, పిడి వెనకబడేది. అప్పుడు కాళ్ల బలం అంతా వృథా. చాచిన కాళ్లతో, వంగిన నడుముతో మొత్తం బరువు ఎత్తాల్సి వస్తుంది. నెమ్మదిగా చేస్తే ఆ లోపం కనిపించేది కాదు. కొన్ని వారాలకు ఆమె తెడ్డు చక్కగా కుదిరింది. ఫ్యాను హోరు తెగడం మానేసింది. నాకంటే బాగా చేసేది, ఆ మాట ఒప్పుకుంటాను.

మేనేజరు కాలేజీ రోజుల్లో తాడు లాగే పోటీల్లో కెప్టెన్. ఆ సంగతి ఆయన చెప్పని రోజు లేదు. తాడు పోటీలో ఒళ్లంతా వెనక్కి పడేసి లాగుతారు. ఈ మిషన్ కూడా అదే తంతు అనుకున్నాడు. జాలీ పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలున్న ఒక మీట ఉంటుంది, గాలి ఎంత లోపలికి పోవాలో అది నిర్ణయిస్తుంది. పైకి పెడితే పడవ బరువెక్కినట్టు ఉంటుంది గానీ వేగం దానంతట అది రాదు. నేను నాలుగు దగ్గర పెడితే, ఆయన వచ్చి పదికి నెట్టేవాడు.

"ఏంటండీ ఆ నెమ్మది? పంచాంగం చదువుతున్నారా?" అన్నాడు ఒకసారి నన్ను, మొత్తం జట్టు ముందు. "వెనక్కి పడండి, లాగండి. అంతే."

ముందు కాళ్లు తొయ్యాలని, ఒళ్లు ముందే వెనక్కి వాలిస్తే నడుము పోతుందని చెప్పాను. దిద్దే పని మీ బల్ల దగ్గర పెట్టుకోండి అన్నాడు. ఆ మర్నాడు నన్ను జట్టులోంచి తీసేసి, నా చోట ఇంకొకణ్ణి పెట్టాడు. నేను పైవాళ్లకు చెప్పాను. ఒకసారి కాదు, వాళ్లు నన్ను చూసి తలుపు వేసుకునే దాకా చెప్పాను. ఆటలకు కూడా ఫిర్యాదా అన్నారు.

పందెం మా జిమ్‌లోనే జరిగింది, ఇంకొన్ని మిషన్లు కిరాయికి తెచ్చి. కిటికీల దాకా జనం. మాది నాలుగో వంతుకు వచ్చేసరికి రెండో స్థానం. నాలుగో వంతు ఆ అమ్మాయిది. మీట పది మీద ఉంది. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. సగం దూరం దాకా ఆమె నేను నేర్పినట్టే చేసింది. హోరు సాఫీగా ఉంది. ముందున్న జట్టును అందుకుంటోంది కూడా. అప్పుడు మేనేజరు ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని "లాగు, లాగు" అని అరవడం మొదలుపెట్టాడు. ఆయన వెంట అందరూ "లాగు" అందుకున్నారు. మనవాళ్లకు వచ్చిన కేక అదొక్కటే. తొయ్యమని ఎవరూ అరవరు. నేను అరిచాను. ఆ గోలలో నా గొంతు ఎవరికి వినిపిస్తుంది?

ఆమె తొందరపడింది. సీటు చటుక్కున వెనక్కి జారింది, పిడి ముందే ఉండిపోయింది. మీట పది మీదున్న బరువు, చాచిన కాళ్లు, విల్లులా వంగిన నడుము. హోరు తెగింది. మళ్లీ లాగింది, మళ్లీ తెగింది. ఇంకో రెండు మూడు తెడ్లు అట్లాగే. తర్వాత ఆమె పిడి వదిలేసింది. గొలుసు జర్రున లోపలికి పోయి పిడి జాలీకి కొట్టుకుంది. ఆమె పక్కకు ఒరిగింది, లేవలేదు. మా జట్టు ఓడిందని ఎవరో తిట్టుకోవడం వినిపించింది. తర్వాత ఆమెను ఒక కుర్చీలోకి ఎక్కించి, కుర్చీతో సహా ఎత్తి కిందికి దించి దవాఖానకు తీసుకుపోయారు. వెన్నులో డిస్కు జారింది, కుడికాలి నరం నలిగింది అన్నారు. ఆ మాటలు మేం రోజూ దిద్దేవే.

రెండు వారాలకు జట్టునూ నన్నూ హెచ్ఆర్ గదిలో కూర్చోబెట్టారు. ఆమె నడుముకు బెల్టు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది, కూర్చోలేక. మేనేజరు నెమ్మదిగా, బాధపడుతున్నట్టు మాట్లాడాడు. శిక్షణ లేనివాళ్లు నేర్పితే ఇట్లాగే అవుతుంది, ఈయన తప్పు వరస నేర్పారు, మేం గమనించలేకపోయాం అన్నాడు. నేను మిషన్ దగ్గరకు పోదాం రండి, ఎట్లా నేర్పానో చేసి చూపిస్తాను అన్నాను. అవసరం లేదన్నారు. సరే, ఆమెనే అడగండి అన్నాను. నేను ఏం నేర్పానో, చివర్లో ఎవరు ఏమని అరిచారో ఆమె చెబితే చాలు.

హెచ్ఆర్ ఆవిడ అడిగింది. ఆమె నా వైపు చూడలేదు.

"నాకు యాదికి లేదు మేడం," అంది. "ఎవరెట్ల చెప్పిన్రో... తప్పు నాదే కావొచ్చు."

ఆ గదిలోంచి బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఆమె కోసం ఆగాను. రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతోంది. ఎందుకు అట్లా అన్నావని అడిగాను.

"నిన్న సార్ ఇంటికొచ్చిండన్నా. నౌకరి పక్కా చేస్తనన్నడు. నేనేం జెయ్యాలె?"

"నా పేరు పోయింది కదమ్మా."

"నీకు పేరే పోయింది. నాకు నడుమే పోయింది. నౌకరి గూడ పోగొట్టుకోవాల్నా అన్నా?"

ఆమె అన్నది న్యాయమే. ఇప్పటికీ అదే అంటాను. అయినా కోపం పోలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చు.

ఆమెను ఖాయం చేశారు. మాట నిలబెట్టుకున్నాడని మేనేజరును అందరూ మెచ్చుకున్నారు. నన్ను జిమ్‌లో అడుగు పెట్టొద్దన్నారు. ఆమె అరగంట కూర్చునేది, లేచి గోడకు ఆనుకునేది, మళ్లీ కూర్చునేది. కుడిపాదం మొద్దుబారి పెడల్ సరిగ్గా నొక్కలేకపోయేది. ఎడమకాలితో నేర్చుకుంది గాని, అప్పటికే ఆమె పని మందగించింది. డాక్టర్ల మాటలు సగంలో తెగిపోయి, తప్పులతో నా బల్ల మీదకు వచ్చేవి. నేను దిద్దేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. ఏడాది తిరక్కుండానే పని సరిపోవడం లేదని ఆమెనూ పంపించేశారు. పంపించింది ఆ మేనేజరే.

వెళ్లే రోజు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "పోతున్ననన్నా," అంది. నేను చెవులకున్న హెడ్‌ఫోన్లు తియ్యలేదు. ఆమె వెళ్లిపోయింది. అద్దాల తలుపు దాకా ఆమె నడక నేను చూశాను. కుడికాలు ఈడుస్తూ, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని. ఆ రోజు హెచ్ఆర్ గదిలో ఒక్క మాట నా తరఫున చెప్పి ఉంటే లేచి తలుపు తీసేవాణ్ణి. ఆమె చెప్పలేదు, నేను లేవలేదు.