రెండో వైపు నుంచి

శ్రీదేవి ప్రతి ఏడూ లిమిట్స్ చాప్టర్ మొదలుపెట్టేటప్పుడు ఒక మాట చెప్పేది. "ఈ లెక్క నాకు నేర్పింది మన ఉదయ్ భాస్కర్ సారే. నేను మీలాగే ఈ బెంచీల మీద కూర్చున్నప్పుడు." పిల్లలు వెనక్కి తిరిగి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. కొత్తగూడెంలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఉదయ్ భాస్కర్ గారంటే లెక్కల విభాగానికి పెద్ద తలకాయ, అన్ని బ్రాంచీల్లోనూ పిల్లలు చదివే మెటీరియల్ రాసిన మనిషి. అంతటి మనిషికి మన మేడమ్ శిష్యురాలా అని వాళ్ల ఆశ్చర్యం. ఆమెకు అది చూడ్డమే ముచ్చట.

తండ్రి ఎల్లస్వామి బొగ్గు బావిలో దిగిన మనిషి. ఇంట్లో లెక్కలంటే షిఫ్టుల లెక్క తప్ప ఇంకోటి తెలియదు. అట్లాంటి ఇంటి పిల్ల బోర్డు మీద సైన్ ఇన్వర్స్ x అన్న ముక్క చూసి బిక్కచచ్చిపోయి కూర్చున్న రోజున, ఉదయ్ భాస్కర్ సార్ సుద్దముక్క ఆమె చేతికిచ్చి దగ్గరుండి చేయించారు. సైన్ ఇన్వర్స్ xని కింద xతో భాగించాలి, x సున్నా వైపు పోతున్నప్పుడు విలువ ఎటు పోతుంది? ఇదీ లెక్క.

"సైన్ ఇన్వర్స్ అంటే ఏంటమ్మా? ఒక కోణం. దాన్ని చూసి భయపడతావెందుకు, పేరు పెట్టి పిలువు. తీటా అను. అప్పుడు x ఎవరు? సైన్ తీటా. పైన తీటా, కింద సైన్ తీటా. x సున్నాకి పోతే తీటా ఎక్కడికి పోతుంది?"

"సున్నాకే సార్."

"అది రాయి మరి. x ని మార్చావు, లిమిట్ కింద బాణం దగ్గర మార్చలేదు. సైన్ తీటా బై తీటా ఒకటికి పోతుందని నీకు తెలుసు. తిరగేస్తే?"

"ఒకటే సార్!"

ఆ రోజు ఆమె ఇంటికి ఎగురుకుంటూ పోయింది. తల్లి రామక్కకు తీటా గురించి చెప్పబోతే ఆవిడ "ముందు అన్నం తినవే" అంది. ఆ తర్వాత డిగ్రీ, పీజీ, బీఎడ్, చివరికి అదే కాలేజీలో, అదే సార్ కింద ఉద్యోగం. దేవుడి మీద ఒట్టు వేయమంటే ఆలోచించేదేమో గానీ, సార్ మీద ఒట్టు వేయమంటే వెంటనే వేసేది. ఇట్లాంటి నమ్మకం మనిషికి మంచిదా చెడ్డదా అని అడిగితే నేను ఇప్పుడే చెప్పను.

ఆ కాలేజీలో పిల్లలను మామూలు బ్యాచులుగా, ఒక స్టార్ బ్యాచుగా విడదీస్తారు. వారం వారం పరీక్ష, ర్యాంకు వచ్చిన వాళ్లు స్టార్‌లోకి, జారినవాళ్లు కిందికి. లెక్చరర్లకూ అదే వరస. స్టార్ బ్యాచ్ చెప్పేవాళ్లకే పేరు, మర్యాద, స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీ. శ్రీదేవి ఇన్నేళ్లూ మామూలు బ్యాచులతోనే గొంతు పోగొట్టుకుంది. ఈ ఏడు మాత్రం సార్ మాటిచ్చారు. "నేనిక పెద్దవాణ్ణయ్యానమ్మా. స్టార్ బ్యాచ్ నీకే. ప్రిన్సిపాల్‌తో నేను చెబుతా." ఆ మాటను ఆమె ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుని తిరిగింది.

ఆ వారం పరీక్ష పేపరు సెట్ చేయడం ఆమె వంతు. అందులో ఒక లెక్క ఇచ్చింది. ఒకటి మైనస్ x స్క్వేర్‌ని ఒకటి ప్లస్ x స్క్వేర్‌తో భాగించి, దానికి కాస్ ఇన్వర్స్ తీసి, మళ్లీ xతో భాగించాలి. x సున్నాకి పోతుంది. జవాబులు నాలుగు: రెండు, ఒకటి, మైనస్ రెండు, లిమిట్ లేదు.

పైకి చూస్తే చాలా సులువు. xని టాన్ తీటా అనుకుంటే లోపలిది కాస్ టూ తీటా అవుతుంది. కాస్ ఇన్వర్స్ వేస్తే టూ తీటా. కింద టాన్ తీటా. జవాబు రెండు. చకచకా చేసేవాళ్లందరూ అక్కడే బోల్తా పడతారు. కాస్ ఇన్వర్స్ ఎప్పుడూ మైనస్ విలువ ఇవ్వదు. x కుడివైపు నుంచి సున్నాకి వస్తే పైనా ప్లస్, కిందా ప్లస్, రెండు వస్తుంది. ఎడమవైపు నుంచి వస్తే కింద x మైనస్, పైనది మాత్రం ప్లస్‌గానే ఉంటుంది, కాబట్టి మైనస్ రెండు. పైన రాయాల్సింది టూ తీటా కాదు, దాని మాడ్యులస్, అంటే మైనస్ తీసేసిన విలువ. రెండు వైపులా రెండు జవాబులు వచ్చాయంటే లిమిట్ లేనట్టే. ఈ కిటుకు కూడా ఆమెకు నేర్పింది సారే. "కోణం పెట్టగానే సంబరపడకు. రెండో వైపు నుంచి కూడా వచ్చి చూడు" అనేవారు.

పరీక్ష అయ్యాక జవాబుల కీ మీద పేపరు సెట్ చేసినవాళ్లు పొట్టి సంతకం పెట్టి, హెడ్‌కు చూపించి, అన్ని బ్రాంచీలకూ పంపాలి. శ్రీదేవి కీ పట్టుకుని వెళితే సార్ దాన్ని చూసి కళ్లజోడు తీశారు.

"ఈ లెక్క మన మెటీరియల్లో ఉందమ్మా. జవాబు రెండని వేశాం."

"తెల్సు సార్. ప్రూఫులు చూసినప్పుడే మీకు చెప్పిన. తర్వాత మారుద్దాం అన్నరు."

"అన్నాను. మార్చలేకపోయాం. ఇప్పుడు కీలో లిమిట్ లేదని పోతే బ్రాంచీలన్నీ నా మీద పడతాయి. ఈ ఒక్కసారికి రెండని వెయ్యి. వచ్చే ప్రింటులో నేనే సరిచేస్తా."

"తప్పు కదా సార్?"

"తప్పే. నాకు తెలియదా? నా మొహం చూసి వెయ్యమ్మా. స్టార్ బ్యాచ్ సంగతి ఈ సోమవారం మాట్లాడేస్తా."

ఆమె పెన్ను తీసింది. స్టార్ బ్యాచ్ కోసమే వేసిందని అంటే అది అన్యాయం. ఆ మాట లేకపోయినా వేసేదే. సుద్దముక్క చేతికిచ్చిన మనిషి నోరు తెరిచి అడిగితే కాదనే పెంపకం కాదు ఆమెది. రెండని దిద్ది, కింద తన పొట్టి సంతకం పెట్టి ఇచ్చింది.

సోమవారం ప్రిన్సిపాల్ వెంకటేశ్వరరావు గారు లెక్కల వాళ్లందరినీ పిలిచారు. స్టార్ బ్యాచ్ మాటేనేమో అని శ్రీదేవి మంచి చీర కట్టుకుని వచ్చింది. గదిలో ప్రసూన నిలబడి ఉంది. చండ్రుగొండ దగ్గర పత్తి రైతుల పిల్ల, శ్రీదేవి బ్యాచే. ఆ లెక్కకు లిమిట్ లేదని పెట్టింది. ఆ ఒక్క ప్రశ్నతోనే స్టార్ బ్యాచ్ తప్పిపోయింది. పిల్ల ఊరుకోలేదు, తెల్లకాగితం మీద రెండు వైపులా చేసి చూపించి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టింది.

"ఏంటండీ ఇది? కీ తప్పా, పిల్ల తప్పా?" అన్నారు ప్రిన్సిపాల్.

శ్రీదేవి సార్ వైపు చూసింది. ఇప్పుడు చెబుతారు. నేనే వేయమన్నాను అంటారు. అనకపోయినా ఏదో ఒకటి సర్దుతారు. అంత ధీమాగా చూసింది.

ఉదయ్ భాస్కర్ గారు లేచి బోర్డు దగ్గరికి వెళ్లారు. ఎంత చక్కగా చెప్పారో! x ఈక్వల్స్ టాన్ తీటా. కాస్ ఇన్వర్స్ ఆఫ్ కాస్ టూ తీటా ఈక్వల్స్ మాడ్యులస్ టూ తీటా. కుడివైపు రెండు, ఎడమవైపు మైనస్ రెండు. అదే రాత, అదే నిదానం, అదే "రెండో వైపు నుంచి కూడా వచ్చి చూడాలి." సుద్ద దులుపుకుని ఇటు తిరిగారు.

"పిల్ల చేసిందే కరెక్టు. పేపరు సెట్ చేసినవాళ్లు మాడ్యులస్ వదిలేశారు. తొందరలో జరుగుతుంటాయి."

"మీ మెటీరియల్లోనూ రెండనే ఉందటగా?"

"ఆ చాప్టర్ ప్రూఫులు శ్రీదేవే చూసిందండీ. నేను నమ్మి వదిలేశాను."

నమ్మి వదిలేశారట! ఆమె ఏమని చెప్పాలి? సంతకం తనదే. గురువు అడిగాడని తెలిసి తెలిసి తప్పు వేశానంటే, తెలియక వేసిందానికంటే అది పెద్ద నేరం. ఆ సంగతి సార్‌కు బాగా తెలుసు. తెలిసే అంత నిబ్బరంగా నిలబడ్డారు. ఆమెను మండించింది అదే. తన మంచితనాన్ని ఎంతవరకు వాడుకోవచ్చో ఆయన ముందే లెక్కేసుకున్నారు.

"స్టార్ బ్యాచ్ లెక్చరర్‌ను మార్చాలన్నారు గానీ, ఈ ఏడాదికి వద్దులెండి. మీరే చూసుకోండి" అన్నారు ప్రిన్సిపాల్, ఉదయ్ భాస్కర్ గారితో.

"మీ ఇష్టం" అన్నారాయన.

వరండాలో ఉదయ్ భాస్కర్ గారు ఆమె వెనకాలే వచ్చారు. "ఏమనుకోకమ్మా. ఈ వయసులో నా పేరు పోతే మళ్లీ రాదు. నీకింకా బోలెడు సర్వీసు ఉంది."

"మీరు నాకు లెక్క నేర్పిండ్రు సార్," అంది శ్రీదేవి. "తప్పు అని తెల్సి నా చేత వేయించి, నా మీదనే పెడ్తరని నేర్పలే."

ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ వినలేదని నమ్మకం కుదిరాక, స్టాఫ్ రూములోకి వెళ్లిపోయారు. ఫ్యాను కింద కుర్చీ ఆయనదే కదా.

మధ్యాహ్నం ప్రసూన పుస్తకాలు సర్దుకుని స్టార్ బ్యాచ్‌కు మారిపోతూ ఆమె దగ్గరికి వచ్చింది. పిల్ల మొహంలో గెలిచిన సంతోషం లేదు.

"మేడమ్, ఒకటి అడగాల్నా?"

"అడుగు."

"రెండు వైపుల చూడాలె, మాడ్యులస్ మర్చిపోవద్దు అని మాకు మీరే చెప్పిండ్రు. మీరు చెప్పిండ్రనే నేను ధైర్యంగ పెట్టిన. మరి కీల గట్ల ఎందుకు వేసిండ్రు?"

తొందరలో జరిగిందని అనొచ్చు. ఆయనిచ్చిన సాకు ఎట్లాగూ సిద్ధంగా ఉంది. శ్రీదేవికి అది నోటికి రాలేదు.

"నాకు తెల్సు ప్రసూనా. తెల్సే వేసిన. నేను బాగా నమ్మిన మనిషి అడిగిండు, కాదనలేకపోయిన."

పిల్ల ఆమె వంక చూసింది. పొద్దున బోర్డు దగ్గర ఆయన వంక తను ఎట్లా చూసిందో, అచ్చం అట్లాగే.

"అడిగితే వేస్తరా మేడమ్?" అంది ప్రసూన, సంచి భుజానికెత్తుకుంటూ.

బెల్లు కొట్టారు. ఆలస్యంగా చేరిన పిల్లల బ్యాచ్‌కు ఆ రోజే లిమిట్స్ మొదలు. శ్రీదేవి లోపలికి వెళ్లి సైన్ ఇన్వర్స్ x బై x అని రాసింది. కోణానికి తీటా అని పేరు పెట్టించింది, బాణం దగ్గర xని తీటాగా మార్పించింది, ఒకటి అని వాళ్ల నోటే చెప్పించింది.

"మీకిది ఎవరు నేర్పిండ్రు మేడమ్?" అని ముందు బెంచీలో ఎవరో అడిగారు. సీనియర్లు చెప్పి ఉంటారు.

"తర్వాతి లెక్క రాసుకోండి," అంది శ్రీదేవి.